తొమ్మిది అంతస్తుల హోటల్‌కు డ్రైనేజీ స్టాక్, వెంట్ సైజులు లెక్కగట్టడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు హోటళ్లు కట్టేవాళ్లు తరచూ అడిగేది ఒకటే ప్రశ్న: "డక్ట్‌లో 110 పైపు చాలా, 160 వేయాలా?" నిలువు పైపు, అంటే స్టాక్ వరకు జవాబు దాదాపు ఎప్పుడూ 110 చాలనే. అక్కడితో లెక్క అయిపోయిందనుకుంటేనే ముప్పు. గదుల అంతస్తులు ముగిసి, కింద ఫంక్షన్ హాలు మొదలయ్యే చోట నిలువు పైపులన్నీ అడ్డం తిరగాలి, ఎందుకంటే హాలు మధ్యలో డక్ట్ పెట్టనివ్వరు. హోటల్ డ్రైనేజీ పాడయ్యేది ఆ మలుపు దగ్గరా, దానికి గాలి అందించే వెంట్ దగ్గరా. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇస్తున్నాను.

లెక్క కోసం ఒక భవనాన్ని ఊహించుకుందాం. నెల్లూరు మినీబైపాస్ పక్కన గ్రౌండ్ పైన 8 అంతస్తులు. గ్రౌండ్‌లో రిసెప్షన్, రెస్టారెంట్. మొదటి అంతస్తు ఫంక్షన్ హాలు. 2 నుంచి 8 వరకు ఏడు అంతస్తులూ గదులే, అంతస్తుకు 12. నడవాకు ఇటు ఆరు, అటు ఆరు. రెండేసి గదుల బాత్‌రూములు వీపు వీపు ఆనించి ఉంటాయి, ఆ రెండింటికీ మధ్యలో ఒక డక్ట్. అంటే నడవాకు ఒక్కో వైపు మూడు డక్ట్‌లు.

దగ్గర పెట్టుకోవలసినవి

- ప్రతి అంతస్తు ప్లాను, డక్ట్‌ల కొలతలు, ఫంక్షన్ హాలు పైకప్పు దగ్గర దూలాల లోతు చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు.
- కమోడ్ ట్యాంకు ఎన్ని లీటర్లదో రాతపూర్వకంగా. 6 లీటర్లా, 10 లీటర్లా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.
- ఫాల్సు సీలింగ్ ఎంత ఎత్తులో వస్తుందో ఇంటీరియర్ వాళ్ల దగ్గర ఖరారు చేసుకున్న కొలత.
- ఒక కోడ్ పుస్తకం. ఒక్కటే.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. మన జాతీయ భవన నియమావళి, అంటే ఎన్‌బీసీ 2016 తొమ్మిదో భాగంలో పట్టికలున్నాయి. అంతర్జాతీయ ప్లంబింగ్ కోడ్ ఐపీసీలోనూ ఉన్నాయి. రెండింటి అంకెలూ కొన్నిచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల కలవవు. బాత్‌రూము యూనిట్లు ఒక పుస్తకంలోంచి, వెంట్ పొడవు ఇంకో పుస్తకంలోంచి తీస్తే వచ్చే జవాబుకు ఏ పుస్తకమూ పూచీ పడదు. ఇక్కడి లెక్కంతా ఐపీసీ పట్టికలతో చేస్తున్నాను. అనుమతుల కోసం ఎన్‌బీసీ ప్రకారమే చూపమంటే మొదటి అంకె నుంచి చివరి అంకె వరకు దాన్నే వాడండి. పద్ధతి ఇదే.

1. ఒక బాత్‌రూముకు ఎన్ని యూనిట్లో తేల్చండి

ఫిక్స్చర్ యూనిట్ అంటే లీటర్లు కాదు. ఒక పరికరం ఎంత నీరు వదులుతుంది, ఎంతసేపు, ఎంత తరచుగా అన్న మూడింటినీ కలిపి ఇచ్చిన భారం అది. అన్ని గదుల్లో ఒకేసారి ఫ్లష్ నొక్కరన్న సంభావ్యత అందులోనే ఇమిడి ఉంది. కాబట్టి చివర్లో "అందరూ ఒకేసారి వాడరు కదా" అంటూ మళ్లీ తగ్గించకూడదు.

కమోడ్, వాష్ బేసిన్, షవర్ ఉన్న బాత్‌రూమును ఒక గుంపుగా తీసుకుంటారు. ట్యాంకు 6 లీటర్లదైతే గుంపుకు 5 యూనిట్లు, అంతకంటే పెద్దదైతే 6. హోటల్ గదిలోని బాత్‌రూము ఈ పట్టికల దృష్టిలో సొంత వాడకం కిందికే వస్తుంది. ఫంక్షన్ హాలు, రెస్టారెంటు టాయిలెట్లు మాత్రం పబ్లిక్ వాడకం. అక్కడ కమోడ్‌కు 4, యూరినల్‌కు 4, బేసిన్‌కు 1, ఫ్లోర్ ట్రాప్‌కు 2.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మన దగ్గర షవర్ నీరు, చాలాసార్లు బేసిన్ నీరు కూడా బాత్‌రూములోని నహానీ ట్రాప్‌లోకే వెళ్తాయి. షవర్‌ను, బేసిన్‌ను గుంపులో లెక్కపెట్టాక అదే నీటికి ట్రాప్ పేరుతో మళ్లీ 2 కలిపేస్తారు. గది బాత్‌రూముల్లో అలా కలపకండి.

2. నిలువు స్టాక్ సైజు చూడండి

డక్ట్‌కు అంతస్తుకు రెండు బాత్‌రూములు. 3 నుంచి 8 వరకు ఆరు అంతస్తులు ఈ స్టాక్‌లో కలుస్తాయి. రెండో అంతస్తును కావాలనే వదిలేశాను, కారణం నాలుగో అడుగులో చెబుతాను.

```
6 అంతస్తులు × 2 బాత్‌రూములు × 5 = 60 యూనిట్లు
```

పట్టికలో రెండు హద్దులున్నాయి, రెండూ దాటకూడదు. 100 మి.మీ. స్టాక్‌కు ఒక్కో అంతస్తు నుంచి గరిష్ఠంగా 90, స్టాక్ మొత్తానికి 500. మనకు అంతస్తుకు 10, మొత్తం 60. రెండూ ఎంతో దిగువన ఉన్నాయి.

మరి 75 మి.మీ. పెడితే? పట్టికలో దాని హద్దు మొత్తం 72, అంతస్తుకు 20. 60 అందులోనూ ఇముడుతుంది. అయినా పెట్టకండి. మన మార్కెట్లో దొరికే కమోడ్‌ల అవుట్‌లెట్ 110 పైపుకు సరిపడేలా ఉంటుంది, ప్రవాహం వెళ్లే దిశలో పైపు సన్నబడకూడదన్నది ఏ కోడ్‌లోనైనా ఉండే నియమం. కాబట్టి 100, అంటే షాపులో అడగవలసింది 110 మి.మీ. ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, టైప్ బి.

టైప్ గురించి ఒక మాట. ఐఎస్ 13592 ప్రకారం టైప్ ఎ వెంట్‌కు, వాన నీటికి. మురుగుకు టైప్ బి. బిల్లులో తేడా కనిపించి మొత్తానికీ ఎ తెప్పించే కాంట్రాక్టర్లున్నారు. సరుకు దిగినరోజే పైపు మీది ముద్ర చదవండి.

మురుగుకు ఒకటి, స్నానం నీటికి ఒకటి చొప్పున రెండు స్టాక్‌లు వేసే పద్ధతి ఎంచుకుంటే గుంపు లెక్క వర్తించదు. కమోడ్‌కు 3, షవర్‌కు 2, బేసిన్‌కు 1 చొప్పున విడిగా కూడాలి. అప్పుడు రెండు స్టాక్‌లకూ 36 చొప్పున వస్తాయి. స్నానం నీటి స్టాక్ 75 మి.మీ.తో సరిపోతుంది. పైపులు, వెంట్‌లు రెండింతలవుతాయి కనుక, డక్ట్ ఇరుకైన హోటళ్లలో ఒకే స్టాక్, పక్కన వెంట్ ఉండటమే మేలని నా అభిప్రాయం.

3. విడిగా వెంట్ స్టాక్ కావాలో లేదో చూడండి

స్టాక్‌లో నీరు పైపు నిండా పడదు. గోడకు అతుక్కుని పొరలా జారుతుంది, మధ్యలో గాలి ఉంటుంది. పట్టికలోని హద్దులు పైపులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే నీరుంటుందని లెక్కవేసి ఇచ్చినవి. ఆ గాలి పైనుంచి లోపలికి రావాలి, కింద బయటికి పోవాలి. దారి లేకపోతే అది వాసనను ఆపేందుకు ట్రాప్‌లో నిలిచే నీటిని లాగేస్తుంది, లేదా తోసేస్తుంది.

ఐపీసీలో నియమం ఇలా ఉంది: స్టాక్‌కు అయిదు లేదా అంతకంటే ఎక్కువ బ్రాంచి అంతరాలుంటే వెంట్ స్టాక్ తప్పనిసరి. బ్రాంచి అంటే అంతస్తు నుంచి స్టాక్‌లోకి వచ్చే అడ్డ పైపు. అంతరమంటే స్టాక్‌లో ఒక బ్రాంచి కలిసే చోటు నుంచి దాని కింది బ్రాంచి కలిసే చోటు వరకు ఉన్న ఎత్తు, అది కనీసం 2.4 మీటర్లుండాలి. అన్నిటికంటే పై బ్రాంచి నుంచి కిందికి లెక్కపెట్టాలి. మనకు బ్రాంచులు ఆరు, వాటి మధ్య అంతరాలు అయిదు. అంటే వెంట్ స్టాక్ కావలసిందే. అంతస్తులను లెక్కపెట్టి అంతరాలనుకోవడం మామూలు పొరపాటు. ఎక్కువగా వచ్చినా నష్టం లేదు, తక్కువగా వస్తేనే ఇబ్బంది.

4. మలుపు దగ్గర ఆగండి, తొందరపడకండి

ఇదే అసలు చోటు. రెండో అంతస్తు స్లాబు కింద, ఫంక్షన్ హాలు పైకప్పులో, నడవాకు ఒక వైపున్న మూడు స్టాక్‌లూ అడ్డం తిరిగి ఒక హెడర్‌లో కలుస్తాయి. ఆ హెడర్ భవనం అంచున ఉన్న డక్ట్ దాకా వెళ్లి కిందికి దిగుతుంది. పొడవు 15 మీటర్లనుకుందాం.

నిలువుగా వేగంతో పడుతున్న నీరు ఒక్కసారి అడ్డం తిరిగితే నెమ్మదించి పైకి ఉబుకుతుంది. మలుపు తర్వాత కొంతదూరం పైపు దాదాపు నిండిపోతుంది, వెనకాల వస్తున్న గాలికి దారి మూసుకుపోతుంది. మలుపుకు కాస్త పైనా, కాస్త ముందూ ఒత్తిడి పేరుకుంటుంది. ఆ ఒత్తిడి ఉన్నచోట బ్రాంచి కలిపితే కింది అంతస్తు వాళ్లకు కమోడ్‌లో బుడగలు కనిపిస్తాయి.

రెండో అంతస్తు బ్రాంచి పైపు కూడా అదే స్లాబు కింద ఉంటుంది. దాన్ని స్టాక్‌లో కలిపితే సరిగ్గా మలుపు మీద కలిపినట్టే. ఒంగోలులో ఒక లాడ్జిలో ఇలాగే చేశారు. పొద్దున ఏడు గంటలకు పై అంతస్తుల్లో స్నానాలు మొదలవగానే రెండో అంతస్తు నహానీ ట్రాప్ జాలీలోంచి సబ్బు నురుగు పొంగి, గంటకో రెండు గంటలకో తానే దిగిపోయేది. పైపులో అడ్డం పడిందనుకుని మేస్త్రులు కడ్డీలు దూర్చారు, ఏమీ తగల్లేదు. పైపులో అడ్డం ఉంటే కదా! రెండో అంతస్తు బ్రాంచులు స్టాక్ నుంచి విడదీసి, హెడర్‌లో దూరంగా కలిపాక నురుగు ఆగింది.

కాబట్టి రెండో అంతస్తు బాత్‌రూములను నేరుగా హెడర్‌కే కలపండి, అదీ మలుపు నుంచి ప్రవాహం వెళ్లే దిశలో స్టాక్ వ్యాసానికి కనీసం పది రెట్ల దూరంలో. 100 మి.మీ. స్టాక్‌కు అది 1 మీటరు. చోటుంటే ఒకటిన్నర మీటర్లు వదలండి. మధ్య డక్ట్‌ల దగ్గర ఈ దూరం తప్పిపోతుంటుంది, ఎందుకంటే ఒక స్టాక్ కలిసిన చోటుకు అర మీటరు దూరంలోనే తర్వాతి బ్రాంచి తెచ్చి కలుపుతారు. ప్రతి స్టాక్‌కూ ఈ కొలతను విడిగా ప్లానులో గీసి చూసుకోండి.

మలుపులో ఒకే 90 డిగ్రీల ఎల్బో వాడకండి. రెండు 45 డిగ్రీల బెండ్‌లు వేసి, వాటి మధ్య చిన్న ముక్క పెట్టండి. హెడర్‌లోకి కలిపేటప్పుడు టీ కాదు, వై వాడండి.

5. హెడర్‌కు సైజు, వాటం కలిపి లెక్కగట్టండి

అడ్డంగా వెళ్లే హెడర్‌ను స్టాక్ పట్టికతో చూడకూడదు. భవనం కింద పోయే మెయిన్ డ్రెయిన్‌కు ఉండే పట్టికతో చూడాలి. అందులో వాటాన్ని బట్టి అంకె మారుతుంది. నిలువు పైపులో 500 మోసే 100 మి.మీ. గొట్టం అడ్డం తిరగగానే 180కి పడిపోవడం అక్కడ కనిపిస్తుంది.

```
ఒక్కో డక్ట్: స్టాక్ 60 + రెండో అంతస్తు 10 = 70
మూడు డక్ట్‌లు: 70 × 3 = 210 యూనిట్లు

100 మి.మీ., వాటం 1:96  →  180
100 మి.మీ., వాటం 1:48  →  216
150 మి.మీ., వాటం 1:96  →  700
```

చూశారా, 110 పైపునే కొనసాగిస్తే 1:96 వాటంలో హద్దు దాటింది. 1:48 వాటం ఇస్తే కాగితం మీద గట్టెక్కుతుంది, 216లో 210. కానీ 15 మీటర్ల పొడవుకు 1:48 అంటే 31 సెంటీమీటర్లకు పైగా దిగాలి. దూలం కింది నుంచి ఫాల్సు సీలింగ్‌కు అంత చోటు ఇంటీరియర్ వాళ్లు వదలరు. పైగా రేపు యజమాని ఖరీదు చూసి 10 లీటర్ల ట్యాంకులు పెట్టించారనుకోండి, బాత్‌రూముకు 6 చొప్పున 252 అవుతుంది, లెక్క తప్పుతుంది. ఆరు యూనిట్ల మిగులును నమ్ముకుని ఫంక్షన్ హాలు నెత్తిన మురుగు పైపు వేయడం నాకు సమ్మతం కాదు.

150 మి.మీ., వాటం 1:96. షాపులో 160 మి.మీ. టైప్ బి. 15 మీటర్లకు 156 మి.మీ. దిగుతుంది. పైపు మందం, సపోర్టు క్లాంపు కలుపుకుంటే మొదలు నుంచి చివరికి సుమారు 35 సెంటీమీటర్ల లోతు కావాలి. ఈ అంకెను ఇంటీరియర్ వాళ్లకు మొదటే ఇవ్వండి. చోటు చాలలేదని వాటం తగ్గించడం, లేదా మేస్త్రి చేత దూలానికి కన్నం కొట్టించడం, రెండూ కూడదు. దూలంలో స్లీవ్ కావాలంటే కాంక్రీటు పోయకముందే స్ట్రక్చరల్ ఇంజినీరు చేత ఖరారు చేయించాలి.

"ఎందుకొచ్చిన గొడవ, 200 వేసేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. పెద్ద పైపులో అదే నీరు పలుచగా పరుచుకుంటుంది, గట్టి పదార్థాన్ని తేల్చి తీసుకుపోయే లోతు ఉండదు. దానికి తోడు పెద్ద పైపు కదా అని వాటం కూడా తగ్గిస్తారు. తర్వాత ఏటా కడ్డీలతో పొడిపించుకోవడమే.

హెడర్ మొదట్లో, మలుపు తిరిగిన ప్రతి చోటా పైపు శుభ్రం చేసేందుకు తెరిచే క్లీన్ అవుట్ పెట్టండి. దాని కింద ఫాల్సు సీలింగ్‌లో తెరిచే తలుపు ఉండాలి. జిప్సం బోర్డు మూసేసిన క్లీన్ అవుట్ లేనట్టే లెక్క.

6. వెంట్ సైజును పొడవుతో సరిచూడండి

వెంట్ కనీసం తాను సేవచేసే స్టాక్ వ్యాసంలో సగం ఉండాలన్నది చాలామందికి తెలుసు. 100లో సగం 50. "50 వేశాం కదా" అంటారు. అది మొదటి పరీక్ష మాత్రమే. రెండోది పొడవు, చాలా హోటళ్లు తప్పేది దాన్లోనే.

పొడవంటే ఎత్తు ఒక్కటే కాదు, గాలి నడిచే దారి మొత్తం. స్టాక్ అడుగున వెంట్ కలిసిన చోటు నుంచి పైన బయటపడే మూతి దాకా కొలవాలి:

```
స్లాబు కింద                     0.6 మీ.
7 అంతస్తులు × 3.1            21.7 మీ.
టెర్రస్ మీద అడ్డంగా            4.0 మీ.
టెర్రస్ పైన మూతి ఎత్తు         2.2 మీ.
మొత్తం                       28.5 మీ.
```

100 మి.మీ. స్టాక్, 60 యూనిట్లు. పట్టికలో 43 వరుస దాటాం కనుక తర్వాతి వరుస, అంటే 140, చూడాలి. అక్కడ 50 మి.మీ. వెంట్ సుమారు 8 మీటర్ల వరకే పనికొస్తుంది. 65 మి.మీ. సుమారు 20 మీటర్ల వరకు. 75 మి.మీ. 61 మీటర్ల వరకు. మనకు 28.5 కావాలి కాబట్టి 50, 65 రెండూ పోయాయి, 75 మిగిలింది.

ఇక్కడ మార్కెట్ మెలిక ఒకటుంది. పట్టికలోని 75 లోపలి వ్యాసం. షాపులోని 75 మి.మీ. పైపు బయటి వ్యాసం, టైప్ ఎ అయితే లోపల సుమారు 71 మాత్రమే. మురుగు పైపుల్లో ఈ చిక్కు లేదు, 110 టైప్ బికి లోపల 103, 160కి 152 వస్తాయి. వెంట్‌కు మాత్రం ఒక మెట్టు పైకెళ్లి 90 మి.మీ. తీసుకోండి. ఖర్చులో తేడా కొద్దిగానే.

హెడర్ కిందికి దిగే చోట పైభాగంలో ఇంకో వెంట్ కావాలి. మలుపుకు పైన అయిదు అంతరాలుంటే పైభాగానికి, కిందిభాగానికి రెండింటికీ గాలి ఇవ్వాలన్నది నియమం. దీన్ని చాలా డ్రాయింగుల్లో అసలు చూపరు. 150 మి.మీ. పైపు, 210 యూనిట్లకు 500 వరుస చూస్తే 75 మి.మీ. వెంట్ సుమారు 10 మీటర్ల వరకే, 100 మి.మీ. సుమారు 39 మీటర్ల వరకు. దిగే చోటు నుంచి దగ్గరి డక్ట్‌కు 6 మీటర్లు, అక్కడి నుంచి పైకి 28.5, మొత్తం 34.5. సరిపోతుంది. అందుకే చివరి డక్ట్‌లోని వెంట్ స్టాక్‌ను 90 కాకుండా 110 చేసి, ఈ వెంట్‌ను దాన్లో కలపండి. మిగతా రెండు డక్ట్‌ల్లో 90 చాలు.

రెండో అంతస్తు బ్రాంచులకు విడిగా చిన్న వెంట్‌లు కావాలి, అవి ఇప్పుడు స్టాక్‌లో లేవు కదా. 63 మి.మీ. పైపు తీసి, ఆ అంతస్తు బేసిన్ అంచుకు కనీసం 15 సెంటీమీటర్ల పైన వెంట్ స్టాక్‌లో కలపండి. అంతకంటే కింద కలిపితే బ్రాంచిలో అడ్డం పడ్డరోజు మురుగు వెంట్‌లోకి ఎక్కి, ఎండి, దాన్ని మూసేస్తుంది.

డక్ట్‌లో చోటు లేదని, గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే వాల్వు పెడతామంటారు కొందరు. అది పీల్చే ఒత్తిడికి పనిచేస్తుంది. మలుపు దగ్గర మనకున్నది తోసే ఒత్తిడి. దానికి ఆ వాల్వు అక్కరకు రాదు.

7. టెర్రస్ మీద మూతి

స్టాక్‌ను కూడా వెంట్‌గా పైదాకా 110 సైజులోనే తీసుకెళ్లండి, మధ్యలో సన్నబరచకండి. టెర్రస్‌ను జనం వాడేట్టయితే మూతి కనీసం 2.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. మన వైపు ఇప్పుడు ప్రతి హోటల్ టెర్రస్ మీదా సాయంత్రం రెస్టారెంటు వస్తోంది కనుక, ఈరోజు ఖాళీగా ఉన్నా ఆ ఎత్తే పెట్టండి. కిటికీలకు, ఏసీకి తాజా గాలి లాగే నోళ్లకు 3 మీటర్ల దూరం వదలండి.

వాన నీటి పైపును మాత్రం ఈ స్టాక్‌ల్లో కలపకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టినప్పుడు టెర్రస్ నీరు స్టాక్‌లో పడితే పైన వేసిన లెక్కంతా వృథా.

8. కింది అంతస్తులు, బయటి పైపు

ఫంక్షన్ హాలు, గ్రౌండ్ ఫ్లోర్ టాయిలెట్లను గదుల పైపులో కలపకుండా విడిగా చాంబర్‌కు తీసుకెళ్లండి. హాల్లో 6 కమోడ్‌లు, 5 యూరినల్‌లు, 6 బేసిన్‌లు, 4 ఫ్లోర్ ట్రాప్‌లు ఉంటే 58 యూనిట్లు. గ్రౌండ్‌లో ఇంకో 22 వేసుకుంటే మొత్తం 80. నడవా రెండు వైపుల గదులవి 420. బయట అన్నీ కలిసే పైపు మీద 500 పడతాయి. 150 మి.మీ., 1:96 వాటానికి హద్దు 700. సరిపోయింది.

వంటగది నీరు గ్రీజు ట్రాప్ దాటాకే ఇందులోకి రావాలి. బయటి కాలువ వానల్లో నిండి వెనక్కి తన్నే వీధి అయితే, గ్రౌండ్ ఫ్లోర్ పైపుకు వెనక్కి రానివ్వని వాల్వు పెట్టండి. మొత్తం హోటల్ పైపుకు పెట్టకండి. అది మూసుకున్నప్పుడు పై గదుల నీరు ఎటు పోవాలో తెలియక గ్రౌండ్ ఫ్లోర్‌లో లేస్తుంది.

పని సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

*నీటి పరీక్ష.* టైల్స్, ఫాల్సు సీలింగ్ రాకముందే చేయాలి. హెడర్ చివర ప్లగ్ బిగించి నీరు నింపండి. ప్రతి జాయింటు మీదా కనీసం 3 మీటర్ల నీరు నిలవాలి, 15 నిమిషాలు మట్టం తగ్గకూడదు. స్టాక్ మొత్తాన్ని ఒకేసారి టెర్రస్ దాకా నింపేయకండి. పాతిక మీటర్ల నీటి బరువు అడుగు జాయింట్ల మీద పడితే రబ్బరు రింగులు జారిపోతాయి. ఒకటి రెండు అంతస్తుల చొప్పున చేసుకుంటూ రండి.

*వాటం పరీక్ష.* హెడర్ మొదట్లో, చివర్లో, మధ్యలో మూడు చోట్ల లెవెల్ ట్యూబుతో కొలవండి. రెండు చివరలూ సరిగ్గా ఉండి మధ్యలో పైపు కుంగిపోవడం తరచూ కనిపిస్తుంది, సపోర్టులు దూరంగా పెట్టడమే దానికి కారణం.

*వెంట్ పరీక్ష.* గాలి తక్కువగా ఉన్న వేళ టెర్రస్ మీద వెంట్ మూతి దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పై అంతస్తుల్లో ఇద్దరి చేత ఒకేసారి ఫ్లష్ చేయించండి. పొగ ఒక్కసారిగా కదలాలి, లోపలికైనా బయటికైనా. నిటారుగానే లేస్తూ ఉంటే ఆ వెంట్ ఎక్కడో మూసుకుపోయింది. ప్యాకింగ్ గుడ్డ, సిమెంటు ముద్ద అందులోనే వదిలేసిన పనులు తక్కువేమీ కాదు.

*ట్రాప్ పరీక్ష.* దీన్ని వదలకండి. రెండో, మూడో, ఎనిమిదో అంతస్తుల్లో నహానీ ట్రాప్‌లు నింపండి. సన్నటి పుల్ల నిలువుగా ముంచి తడి గుర్తు కొలవండి, వాసనను ఆపే నీరు, అంటే సీల్, సాధారణంగా 50 మి.మీ. ఉంటుంది. తర్వాత పై గదుల్లో కమోడ్‌లు, షవర్లు కలిపి పదిసార్లు నడిపించి మళ్లీ కొలవండి. 25 మి.మీ. కంటే ఎక్కువ తగ్గితే వెంట్ చాలడం లేదు. ఎనిమిదో అంతస్తులో తగ్గితే పీల్చే ఒత్తిడి, పై వెంట్ చూడండి. రెండో అంతస్తులో నీరు తగ్గకుండా బుడగలు వస్తే తోసే ఒత్తిడి, మలుపు దగ్గరి దూరాలూ వెంట్ చూడండి.

హోటల్ తెరిచాక వాసన వస్తోందని ఫోను వస్తే మొదట అడగవలసిన ప్రశ్న: ఆ గదిలో మనుషులు ఉంటున్నారా? రోజూ వాడే గదిలో, పైవాళ్లు ఫ్లష్ చేయగానే వాసన వస్తే అది వెంట్ సంగతి. రోహిణి కార్తెలో పది పదిహేను రోజులు తాళం వేసిన గదిలో వాసన వస్తే ట్రాప్‌లో నీరు ఆవిరైపోయింది, పైపు సైజుతో దానికి సంబంధం లేదు. ఖాళీ గదుల్లో వారానికోసారి ట్రాప్‌లో రెండు చెంబుల నీళ్లు పోయమని హౌస్‌కీపింగ్ వాళ్లకు రాసివ్వండి.